ఏరియేటర్ క్యాంపెయిన్: లాస్ట్ బడ్జెట్ 40, లాస్ట్ ర్యాంక్ 25. ముందు దేని సంగతి చూడాలి?

ఇందుకూరుపేట_చెరువు

అందరికీ నమస్కారం. నెల్లూరులో రొయ్యల చెరువులకు ఏరియేటర్లు, వాటి స్పేర్ పార్టులు అమ్మే షాపుకి గూగుల్ యాడ్స్ నేనే చూస్తా ఉండా. ఒకటే సెర్చ్ క్యాంపెయిన్. నెల్లూరు, ప్రకాశం, బాపట్ల, కృష్ణా వైపు చూపిస్తున్నాం. రోజు బడ్జెట్ రూ. 800, బిడ్డింగ్ మాన్యువల్ సీపీసీ, కీవర్డ్‌లు ఎక్కువగా ఫ్రేజ్ మ్యాచ్, కొన్ని బ్రాడ్. పోయిన వారం, సోమవారం నుంచి ఆదివారం దాకా లెక్క ఇది:

ఇంప్రెషన్లు 2,100
క్లిక్‌లు 168
ఖర్చు రూ. 5,544, అంటే క్లిక్‌కి సగటున రూ. 33
`Search impr. share` 35%
`Search lost IS (budget)` 40%
`Search lost IS (rank)` 25%

బడ్జెట్ రెట్టింపు చేద్దామని ఓనర్ గారు అంటున్నారు. ర్యాంక్ వల్ల కూడా పావు వంతు పోతోంది కదా, బిడ్ పెంచితే మేలేమో అని నాకు అనిపిస్తోంది. రెండూ ఒకేసారి పెంచేంత డబ్బు లేదు. ముందు దేన్ని పట్టుకోవాలి?

ఒంగోలు_యాడ్స్

ఇందులో ఆలోచించేదేముంది బ్రో. లాస్ట్ బడ్జెట్ ఎక్కువైతే బడ్జెట్ పెంచు, లాస్ట్ ర్యాంక్ ఎక్కువైతే బిడ్ పెంచు. నీది 40 వర్సెస్ 25 కాబట్టి ముందు బడ్జెట్. క్యాంపెయిన్ పక్కన `Limited by budget` అని వస్తోందా? దాని మీద నొక్కితే ఎంత పెట్టాలో గూగులే చూపిస్తుంది. రూ. 1,700 దగ్గర చూపిస్తుంది చూడు. అది పెట్టి, ఒక వారం ఆగి, అప్పుడు మిగిలిన ర్యాంక్‌కి బిడ్ పెంచుకో.

పెన్నా_గట్టు

ఒంగోలు తమ్ముడు చెప్పిన దిక్కు సరైనదే. కానీ ఆ రెండు అంకెలూ వేరు వేరు కుళాయిలు కావు. ఒకటి తిప్పితే రెండోది కదులుతుంది. దాని కంటే ముందు చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది: ఈ 100 శాతం దేంట్లో 100?

ముందు శాతాలు వదిలేసి లెక్కల్లోకి రండి. 2,100 ఇంప్రెషన్లు 35% అయితే, మీ యాడ్‌కి అర్హత ఉన్న మొత్తం అవకాశాలు 2,100 ÷ 0.35, అంటే 6,000. అందులో 40%, అంటే 2,400 బడ్జెట్ చాలక పోయాయి. 25%, అంటే 1,500 ర్యాంక్ చాలక పోయాయి. ఇక ప్రతి మార్పునీ ఈ 6,000 ఎదురుగా పెట్టి చూడండి.

మొదటి పని, ఆ 6,000 ఎవరివో చూడడం. ఏరియేటర్ అనే మాటతో చెరువు రైతులే వెతకరు. అక్వేరియంలో చేపలు పెంచేవాళ్లు వెతుకుతారు. బాత్‌రూమ్ కుళాయి మూతికి బిగించే జల్లెడ లాంటి ముక్కని కూడా ట్యాప్ ఏరియేటర్ అనే అంటారు. పచ్చికకి రంధ్రాలు పొడిచే లాన్ ఏరియేటర్ అని ఇంకోటుంది. మీ బ్రాడ్, ఫ్రేజ్ కీవర్డ్‌లు వీటన్నిటికీ తగులుతాయి. తగిలిన ప్రతిదీ ఆ 6,000 లో చేరుతుంది. మీరు బడ్జెట్ వల్ల పోగొట్టుకున్నామని బాధపడుతున్న 2,400 లో సగం కుళాయి ముక్క కోసం వెతికినవాళ్లయితే, వాళ్ల కోసమా బడ్జెట్ పెంచేది?

సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ అదే వారానికి తెరిచి, ఖర్చు ఎక్కువ నుంచి తక్కువకి పెట్టి, ఏమున్నాయో ఇక్కడ రాయండి. అది చూడకుండా బడ్జెట్ ముట్టుకోవద్దు.

దర్గామిట్ట_క్లినిక్

సందులో దూరి అడుగుతున్నా, ఏమనుకోవద్దు. మా పళ్ల క్లినిక్ యాడ్ ఎప్పుడు వెతికినా మూడో చోటే వస్తోంది. లాస్ట్ ర్యాంక్ 30% అని ఉంది. అంటే 30% సార్లు మనం కిందకి పడిపోతున్నామనేగా? మొదటి చోటు రావాలంటే ఎంత బిడ్ పెట్టాలి?

పెన్నా_గట్టు

కాదండీ. లాస్ట్ ర్యాంక్ అంటే కింద కనపడ్డం కాదు, అసలు కనపడకపోవడం. మూడో చోట వచ్చినా అది మీకు దక్కిన ఇంప్రెషనే, అది లాస్ట్‌లో పడదు. చోటు సంగతి కావాలంటే వేరే కాలమ్‌లు ఉన్నాయి: `Search top IS`, `Search abs. top IS`, పైచోటు ర్యాంక్ వల్ల పోయింది చూడడానికి `Search lost top IS (rank)`. వీటి పక్కనే `Impr. (Abs. Top) %` అని ఇంకోటి ఉంటుంది, దాంతో కలపకండి. అది మీకు దక్కిన ఇంప్రెషన్లలో ఎన్ని మొట్టమొదటి చోట వచ్చాయనే లెక్క. పోయినవాటి ఊసు అందులో ఉండదు.

ఇంకో మాట. మీ యాడ్‌ని మీరే మాటిమాటికీ వెతికి చూడకండి. క్లిక్ చేయకుండా వదిలేసిన ప్రతిసారీ ఒక ఇంప్రెషన్ వృథా, క్లిక్ రేటు పడుతుంది. ఖాతాలోనే `Ad Preview and Diagnosis` అని టూల్ ఉంది, అందులో నెల్లూరు, మొబైల్ అని పెట్టి చూసుకోండి. మిగతాది వేరే దారంలో అడగండి, ఇక్కడ చెరువు తమ్ముడి లెక్క నడుస్తోంది.

కావలి_ఎక్సెల్

చెరువు అన్నా, ఆ 35, 40, 25 క్యాంపెయిన్ టోటల్ వరస నుంచి తీసినవా, లేక రోజువారీ అంకెలకి నువ్వు సగటు కట్టావా? రోజువారీ శాతాలకి యావరేజ్ కొడితే తప్పు వస్తుంది.

ఉదాహరణకి ఆదివారం 100 ఇంప్రెషన్లు, షేర్ 50%. సోమవారం 400 ఇంప్రెషన్లు, షేర్ 20%. సగటు కడితే 35% వస్తుంది. అసలు లెక్క చూడు: ఆదివారం అవకాశాలు 200, సోమవారం 2,000, మొత్తం 2,200. దక్కినవి 500. షేర్ 22.7%. ఎంత తేడానో చూశావుగా. షీట్‌లో B కాలమ్‌లో ఇంప్రెషన్లు, C లో షేర్ ఉంటే ఇది వాడు:

```
=SUM(B2:B8)/SUMPRODUCT(B2:B8/C2:C8)
```

ఒక్క చిక్కు. షేర్ 10% కంటే తక్కువైన రోజున గూగుల్ అంకె ఇవ్వదు, `< 10%` అని రాస్తుంది. అది షీట్‌కి అక్షరాల కింద లెక్క, ఫార్ములా `#VALUE!` అంటుంది. అక్కడ 10% అని చేత్తో నింపొద్దు. అది 9 కావచ్చు, 2 కావచ్చు, 2 అయితే అవకాశాలు అయిదు రెట్లు తేడా వస్తాయి. ఆ రోజుని పక్కనపెట్టు, లేకపోతే వారం మొత్తానికి గూగుల్ ఇచ్చే ఒకే అంకె తీసుకో.

ఇందుకూరుపేట_చెరువు

టోటల్ వరస నుంచే తీశాను కావలి. సగటు కట్టలేదు.

మేడమ్, సెర్చ్ టర్మ్స్ చూశాను. 168 క్లిక్‌లలో 120 కే పదాలు కనపడుతున్నాయి, మిగతావి విడిగా చూపించట్లేదు. ఆ 120 లో 45 క్లిక్‌లు మనవి కావు. ఫిష్ ట్యాంక్ ఏరియేటర్, అక్వేరియం ఎయిర్ పంప్, ట్యాప్ ఏరియేటర్, కిచెన్ సింక్ ఏరియేటర్, ఇట్టాంటివే. వాటికి రూ. 1,350 పోయింది. లాన్ ఏరియేటర్ ఒక్కటీ లేదు.

ఒంగోలు_యాడ్స్

సరే, ఆ పదాలకి యాడ్ రాకుండా నెగెటివ్ కీవర్డ్‌లు వేయాల్సిందే, అందులో గొడవ లేదు. కానీ వాటికి పోయింది ఖర్చులో పావు వంతు కూడా కాదు. లాస్ట్ బడ్జెట్ 40 ఉంది. నెగెటివ్‌లు వేసినా బడ్జెట్ చాలదు, పెంచక తప్పదు. బిడ్ కూడా కొంచెం పెంచితే ర్యాంక్ 25 లో కొంత వెనక్కి వస్తుంది.

పెన్నా_గట్టు

పావు వంతు కాదనే లెక్క కనపడిన 120 కి మాత్రమే. కనపడని 48 లో ఏముందో తెలీదు. పైగా క్లిక్‌ల లెక్క వేరు, ఇంప్రెషన్ల లెక్క వేరు. అక్వేరియం వాళ్లు యాడ్‌లో చెరువు ఏరియేటర్ అని చూసి చాలామంది క్లిక్ చేయకుండానే పోతారు. కాబట్టి 6,000 లో వాళ్ల వాటా క్లిక్‌లలో వాళ్ల వాటా కంటే పెద్దదే ఉంటుంది.

ఇక బిడ్. బడ్జెట్ చాలక ఆగిపోతున్న క్యాంపెయిన్‌లో బిడ్ పెంచితే ఏమవుతుందో చూడండి. రోజుకి రూ. 800, క్లిక్ రూ. 33 అయితే 24 క్లిక్‌లు. బిడ్ పెంచగానే క్లిక్ రూ. 45 అయిందనుకోండి, అదే 800 కి 18 కూడా రావు. లాస్ట్ ర్యాంక్ తగ్గుతుంది, నిజమే. కానీ డబ్బు తొందరగా అయిపోతుంది కాబట్టి లాస్ట్ బడ్జెట్ దాన్ని మించి పెరుగుతుంది. రిపోర్ట్‌లో ర్యాంక్ బాగుపడినట్టు కనపడుతుంది, షాపుకి వచ్చే ఫోన్లు తగ్గుతాయి.

తిరగేసి చూడండి. బిడ్ తగ్గించి క్లిక్ రూ. 26 కి వస్తే, అదే 800 కి 30 పైన క్లిక్‌లు. ఇప్పుడు లాస్ట్ బడ్జెట్ తగ్గుతుంది, లాస్ట్ ర్యాంక్ పెరుగుతుంది. ర్యాంక్ కాలమ్ చూసి కంగారు పడేవాళ్లకి ఇది చెడిపోయినట్టు ఉంటుంది, చేతికొచ్చే క్లిక్‌లు మాత్రం ఎక్కువ. దీనికీ ఒక హద్దు ఉంది. బిడ్ తగ్గితే చోటు కిందికి పోతుంది, క్లిక్ రేటు పడుతుంది. ఒక దశ దాటాక యాడ్ అసలు రాదు, రోజు చివరికి బడ్జెట్ మిగిలిపోతుంది. లాస్ట్ బడ్జెట్ సున్నా దగ్గరికొచ్చి డబ్బు మిగులుతుంటే బిడ్ మరీ తగ్గించినట్టు.

ఇప్పటికి మాత్రం బిడ్‌నీ బడ్జెట్‌నీ ముట్టుకోకండి. నెగెటివ్‌లు ఒక్కటే వేసి, ఒక పూర్తి వారం, సోమ నుంచి ఆదివారం దాకా ఆగండి. రెండు మార్పులు ఒకే వారంలో చేస్తే ఏది ఏం చేసిందో విడదీయలేం.

చీమకుర్తి_గెలాక్సీ

మాది గ్రానైట్ ఎగుమతి. బ్లాక్ గెలాక్సీ స్లాబులు, కౌంటర్‌టాప్‌లు. అమెరికా, ఇటలీ, పోలండ్ మూడూ ఒకే క్యాంపెయిన్‌లో పెట్టాం. ఇంప్రెషన్ షేర్ `< 10%`, లాస్ట్ ర్యాంక్ `> 90%`, లాస్ట్ బడ్జెట్ 0%. బడ్జెట్ రోజుకి రూ. 2,000, ఖర్చయ్యేది 700 దాటదు. మా ఏజెన్సీ వాళ్లు బడ్జెట్ 5,000 చేయమంటున్నారు. పైన మేడమ్ చెప్పిన 6,000 లెక్క మాకు వేద్దామంటే కుదరట్లేదు.

పెన్నా_గట్టు

కుదరదు. రెండు అంకెలూ అంచుకి తగిలి ఆగిపోయాయి, వెనక్కి భాగించడానికి ఏమీ లేదు.

బడ్జెట్ పెంచమనే మాట మాత్రం వినకండి. ఉన్న 2,000 లోనే 1,300 మిగులుతోంది, లాస్ట్ బడ్జెట్ సున్నా. 5,000 పెడితే 4,300 మిగులుతుంది, అంతే.

`Search exact match IS` కాలమ్ జోడించండి. మీ కీవర్డ్‌తో అచ్చంగా కలిసే వెతుకులాటల్లో మీ వాటా ఎంతో అది చెబుతుంది. అది 40, 50 ఉండి మామూలు షేర్ 10 లోపల ఉంటే, జబ్బు బిడ్‌ది కాదు. బ్రాడ్ కీవర్డ్ మిమ్మల్ని వంటింటి రాయి వెతికే ప్రతి ఇంటివాళ్ల వేలంలోకీ లాక్కెళ్తోంది, అక్కడ మీరు ఓడిపోతున్నారు. ఓడిపోవడమే మంచిది, వాళ్లు కంటైనర్ రాయి కొనరు. ఎగ్జాక్ట్ కూడా 10 లోపలే ఉంటే అప్పుడు నిజంగా ర్యాంక్ సమస్య. బిడ్, యాడ్ రాత, ల్యాండింగ్ పేజీ చూడాలి.

రెండో పని, మూడు దేశాలనీ మూడు క్యాంపెయిన్లుగా విడదీయండి. లాస్ట్ ర్యాంక్ యాడ్ గ్రూప్‌కీ కీవర్డ్‌కీ కూడా కనపడుతుంది. లాస్ట్ బడ్జెట్ మాత్రం క్యాంపెయిన్ దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే బడ్జెట్ ఉండేది క్యాంపెయిన్‌కి. అమెరికా, పోలండ్ కలిపి ఉంచితే ఎక్కడ ఏం పోతోందో ఎప్పటికీ విడిగా తెలీదు.

మార్కాపురం_పలక

ఇక్కడ అందరూ మాన్యువల్ సీపీసీ లెక్కలే చెబుతున్నారు. టార్గెట్ సీపీఏ మీద నడిచే క్యాంపెయిన్లలో లాస్ట్ ర్యాంక్‌ని నేను అసలు లోపంగా చూడను. ఒక వెతుకులాట కన్వర్షన్ ఇవ్వదని సిస్టమ్ అనుకుంటే అక్కడ తక్కువ బిడ్ వేస్తుంది, ఓడిపోతుంది, అది లాస్ట్ ర్యాంక్‌లో పడుతుంది. అది కావాలని వదిలేసింది. దాన్ని తగ్గించాలని టార్గెట్ పెంచితే, వదిలేసిన చెత్తని డబ్బిచ్చి తెచ్చుకున్నట్టు.

ఒంగోలు_యాడ్స్

మరి టార్గెట్ మరీ తక్కువ పెట్టి మంచివాటిని కూడా వదిలేస్తుంటే? అదీ లాస్ట్ ర్యాంక్ కిందే కదా కనపడేది. రెండూ ఎట్టా విడదీస్తారు?

మార్కాపురం_పలక

ఆ కాలమ్ ఒక్కటి చూసి విడదీయలేం, ఒప్పుకుంటా. నేనైతే ముఖ్యమైన కీవర్డ్‌ల దగ్గర లాస్ట్ ర్యాంక్ విడిగా చూస్తా. ఎప్పుడూ కన్వర్షన్ తెచ్చే కీవర్డ్‌లోనే అది పెరుగుతా ఉంటే టార్గెట్ బిగిసిందని అర్థం. అంచున ఉన్న కీవర్డ్‌లలో పెరిగితే వదిలేస్తా.

పెన్నా_గట్టు

ఆ పద్ధతి బాగుంది. మ్యాగ్జిమైజ్ కన్వర్షన్స్, టార్గెట్ లేకుండా నడిపేవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. అది ఇచ్చిన బడ్జెట్ అంతా ఖర్చు పెట్టడానికే చూస్తుంది. అక్కడ బడ్జెట్ పెంచితే లాస్ట్ బడ్జెట్ తగ్గొచ్చు, కానీ క్లిక్ ధర కూడా పెరగొచ్చు. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇందుకూరుపేట_చెరువు

వారం అయింది. అక్వేరియం, ఫిష్ ట్యాంక్, ట్యాప్, సింక్, ఎయిర్ పంప్, కిచెన్, ఇవన్నీ నెగెటివ్‌లో వేశాను. బిడ్, బడ్జెట్ ముట్టుకోలేదు. సోమ నుంచి ఆదివారం:

ఇంప్రెషన్లు 1,980
క్లిక్‌లు 168 (అదే అంకె మళ్లీ వచ్చింది)
ఖర్చు రూ. 5,544
ఇంప్రెషన్ షేర్ 55%
లాస్ట్ బడ్జెట్ 21%
లాస్ట్ ర్యాంక్ 24%

షేర్ 35 నుంచి 55 కి వచ్చిందని ఓనర్ గారు సంతోషంగా ఉన్నారు. కానీ ఇంప్రెషన్లు తగ్గాయి కదా? ర్యాంక్ అయితే కదలనే లేదు. 25 నుంచి 24. నెగెటివ్‌లకీ ర్యాంక్‌కీ సంబంధం లేదనుకోవచ్చా?

పెన్నా_గట్టు

లెక్కల్లోకి మార్చండి, కదిలింది కనపడుతుంది. 1,980 ÷ 0.55 అంటే మొత్తం అవకాశాలు 3,600. అందులో 24% అంటే 864. పోయిన వారం ర్యాంక్ వల్ల పోయినవి 1,500, ఇప్పుడు 864. శాతం అట్టాగే ఉంది, ఎందుకంటే కింద ఉన్న మొత్తం కూడా 6,000 నుంచి 3,600 కి పడింది. బడ్జెట్ వల్ల పోయినవి 2,400 నుంచి 756 కి వచ్చాయి.

ఓనర్ గారికి ఇట్టా చెప్పండి: మన యాడ్ ఎక్కువసార్లు రాలేదు, నిజానికి 120 సార్లు తక్కువే వచ్చింది. కానీ అదే డబ్బుకి వచ్చిన 168 క్లిక్‌లలో ఇప్పుడు అక్వేరియం వాళ్లు లేరు. షేర్ పెరగడం అసలు లాభం కాదు. లాభం వచ్చింది క్లిక్ చేసేవాళ్లు మారినందుకు.

ఇప్పుడు బడ్జెట్ ఎంత పెంచాలో లెక్క వేయొచ్చు. బడ్జెట్ వల్ల పోయినవి 756. మీ క్లిక్ రేటు 8.5%. అన్నీ దక్కితే 64 క్లిక్‌లు, ఒక్కోటి రూ. 33 చొప్పున వారానికి రూ. 2,112. రోజుకి రూ. 300 పైచిలుకు. ఇదే లెక్క మొదటి వారం అంకెలతో వేసి ఉంటే 2,400 కి 192 క్లిక్‌లు, రోజుకి రూ. 905 అదనం అని వచ్చేది. ఒంగోలు తమ్ముడు చెప్పిన 1,700 అదే. గూగుల్ సూచన కూడా ఉన్న కీవర్డ్‌లు ఎట్టా ఉంటే అట్టా తీసుకుని లెక్క కడుతుంది, కుళాయి వెతికేవాళ్లని తీసేసి కట్టదు.

నేనైతే రోజుకి 1,000 చేస్తా, 1,100 కాదు. 756 మొత్తం దక్కవని నా అంచనా. యాడ్ వేలంలోకి వెళ్లినప్పుడు ఎన్నిసార్లు నెగ్గుతోంది? దక్కినవి 1,980, ర్యాంక్ వల్ల ఓడినవి 864. అంటే నూటికి 70 సార్లు. బడ్జెట్ పెరిగాక ఆ 756 కూడా వేలంలోకి వెళ్తాయి, అందులోనూ నూటికి 30 ఓడతాయి అనుకుంటే 526 దక్కుతాయి. 45 క్లిక్‌లు, రోజుకి రూ. 210 చాలు. బడ్జెట్ పెంచిన తర్వాత లాస్ట్ ర్యాంక్ 24 నుంచి 30 వైపు పెరగడం చాలామంది చూస్తారు, బిడ్ చెడిందని భయపడతారు. చెడింది ఏమీ లేదు, ఇంతకు ముందు గుమ్మం దగ్గరే ఆగిపోయినవి ఇప్పుడు లోపలికెళ్లి ఓడుతున్నాయి.

మార్కాపురం_పలక

మేడమ్, అక్కడ నాకు అభ్యంతరం ఉంది. లాస్ట్ బడ్జెట్‌లో లెక్క పెట్టేది ర్యాంక్ సరిపోయి ఉండి, డబ్బు ఒక్కటే లేక పోయినవి అని కదా నేను అనుకునేది. అట్టాగైతే 756 మొత్తం దక్కాలి, మళ్లీ 70% తో గుణించకూడదు. బడ్జెట్ పెంచాక ర్యాంక్ శాతం పెరగడం నేనూ చూశాను, కానీ అది బ్రాడ్ మ్యాచ్ కొత్త పదాలు పట్టుకున్నందువల్ల కావచ్చు కదా.

పెన్నా_గట్టు

కావచ్చు. రెండూ అంచనాలే, గూగుల్ ఆ విభజన ఎట్టా చేస్తుందో అడుగడుగునా చెప్పదు. నేను 70% తో గుణించేది జాగ్రత్త కోసం. 210 కీ 300 కీ మధ్య ఎక్కడైనా నిలవొచ్చు. అందుకే 200 పెంచి చూడమన్నాను. వారం తర్వాత లాస్ట్ బడ్జెట్ ఇంకా 5, 6 పైన ఉంటే మీ మాట సరైనదని ఇంకో 100 పెంచుకోవచ్చు.

కావలి_ఎక్సెల్

ఆ వారం ఎప్పుడు మొదలో జాగ్రత్త. బడ్జెట్ బుధవారం మారిస్తే, సోమ నుంచి ఆదివారం రిపోర్ట్‌లో రెండు బడ్జెట్‌లు కలిసిపోతాయి. మార్చితే ఆదివారం రాత్రి మార్చాలి. రోజువారీ చూడొద్దు కూడా. గూగుల్ ఒక రోజున బడ్జెట్‌కి రెండింతల దాకా ఖర్చు చేసుకోవచ్చు. 800 అంటే ఒక రోజు 1,600 కూడా పోవచ్చు, నెలకి 30.4 రెట్లు, అంటే రూ. 24,320 దాటదు అంతే. అందువల్ల ఒక రోజు లాస్ట్ బడ్జెట్ 0, మర్నాడు 45 అని ఊగుతా ఉంటుంది. ఈరోజు, నిన్నటి అంకెలు ఇంకా నిలకడగా ఉండవు, రెండు రోజులు ఆగి తీయడం మంచిది.

ఇందుకూరుపేట_చెరువు

సరే, 1,000 చేస్తాను, ఆదివారం రాత్రే. ర్యాంక్ వల్ల పోతున్న 864 సంగతి? కీవర్డ్‌ల వారీగా చూశాను. `paddle wheel aerator 2hp` దగ్గర లాస్ట్ ర్యాంక్ 12%, క్వాలిటీ స్కోర్ 8. `aerator price` దగ్గర 41%, క్వాలిటీ స్కోర్ 4. దాని ల్యాండింగ్ పేజీ అనుభవం దగ్గర `Below average` అని ఉంది.

పెన్నా_గట్టు

ధర అని వెతికినవాళ్లు ఎక్కడికి పోతున్నారు? పేజీలో ధర ఉందా?

ఇందుకూరుపేట_చెరువు

లేదు. వెబ్‌సైట్ మొదటి పేజీకే పంపుతున్నాం. ధరలు పీడీఎఫ్ కేటలాగ్‌లో ఉన్నాయి, డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఫోన్‌లో తెరుచుకోవడానికి చాలాసేపు పడుతుంది.

పెన్నా_గట్టు

అయితే 864 లో పెద్ద ముక్క అక్కడే ఉండొచ్చు, దానికి బిడ్ మందు కాదు. ఒక మామూలు పేజీ చేయండి. 1 హెచ్‌పీ, 2 హెచ్‌పీ, ప్యాడిల్ చక్రాలు ఎన్ని, మోటార్ ఎవరిది, ధర ఎంత నుంచి, ఇందుకూరుపేట, కోట, అల్లూరు వైపు బిగించి ఇస్తారా, స్పేర్ పార్టులు దొరుకుతాయా. ఫోన్ నంబర్ పైనే ఉండాలి. ఆ కీవర్డ్‌ని సొంత యాడ్ గ్రూప్‌లోకి తీసి, యాడ్ మొదటి లైన్‌లోనే ధర రాయండి. క్వాలిటీ స్కోర్ ఒక్కరోజులో మారదు. వారాలు పట్టొచ్చు. మారితే అదే బిడ్‌కి ఎక్కువసార్లు నెగ్గుతారు, చాలాసార్లు క్లిక్ ధర కూడా తగ్గుతుంది. అప్పుడు లాస్ట్ బడ్జెట్ కూడా కొంత దానంతట అదే తగ్గుతుంది.

ఒంగోలు_యాడ్స్

ఇంకోటి అడుగుతా. చెరువులో ఆక్సిజన్ పడిపోయేది తెల్లవారుజామునే. రాత్రి మోటార్ కాలిపోతే రైతు అప్పుడే ఫోన్ తీసి వెతుకుతాడు. నీ యాడ్ షెడ్యూల్ ఎట్టా పెట్టావు బ్రో?

ఇందుకూరుపేట_చెరువు

ఉదయం 8 నుంచి రాత్రి 9. షాపులో ఫోన్ ఎత్తేవాళ్లు ఉండే టైమ్ అది.

పెన్నా_గట్టు

మంచి ప్రశ్న వేశావు తమ్ముడూ. షెడ్యూల్ మూసిన గంటల్లో వెతికినవాళ్లు ఆ 3,600 లో లేరు. అవి లాస్ట్ బడ్జెట్‌లోనూ పడవు, లాస్ట్ ర్యాంక్‌లోనూ పడవు, అర్హతే లేదు కాబట్టి. ఈ రెండు కాలమ్‌లు సున్నా అయినా తెల్లవారుజాము 3 గంటల రైతు మీకు కనపడడు.

రాత్రి ఫోన్ ఎత్తే మనిషి దొరికితే, స్పేర్ పార్టులు, రిపేర్ కీవర్డ్‌లకి మాత్రం విడిగా చిన్న క్యాంపెయిన్ పెట్టండి. రాత్రి 9 నుంచి ఉదయం 8, రోజుకి రూ. 150, సొంత బడ్జెట్. పగటి క్యాంపెయిన్‌లో కలిపి షెడ్యూల్ పొడిగించొద్దు. కలిపితే అవకాశాల మొత్తం మళ్లీ మారి, మనం పట్టుకున్న 3,600 తో పోల్చడానికి ఏమీ మిగలదు.

ఇందుకూరుపేట_చెరువు

మెకానిక్‌ని అడిగి చూస్తాను మేడమ్, రాత్రి ఎత్తుతానంటే పెడతా. ముందు ధరల పేజీ, ఆదివారం రాత్రి 1,000. రెండూ ఒకే వారం చేయొచ్చా?

పెన్నా_గట్టు

పేజీ తయారవడానికి ఎట్టాగూ టైమ్ పడుతుంది కదా. ముందు బడ్జెట్ మార్చి ఒక వారం చూడండి, అంకెలు ఇక్కడ పెట్టండి. 756 లో ఎన్ని దక్కాయో చూస్తే మార్కాపురం తమ్ముడికీ నాకూ ఉన్న పేచీ కొంతైనా తేలుతుంది. పేజీ ఆ తర్వాత సోమవారం ఎక్కించండి.